తీసేసినవీ లెక్కలోకే వస్తాయి

ఒక్కసారి వడ్ల మిల్లు దగ్గరికి వెళదాం రండి. బస్తాలు మరలో పోశారు. ఒకవైపు బియ్యం వస్తున్నాయి. నూకలు వేరే పడుతున్నాయి. తవుడు ఇంకోచోట, ఊక బయట కుప్పగా. వడ్లు తెచ్చిన రైతు బియ్యం బస్తాలు మాత్రమే తూచుకుని ఇంటికి పోతాడా? పోడు. నూకలెన్ని, తవుడెంత అని అడుగుతాడు. ఎందుకంటే లోపలికి పోసిన వడ్ల బరువుకు జవాబు చెప్పాల్సింది బియ్యం ఒక్కటే కాదు, బయటికి వచ్చినవన్నీ కలిసి చెప్పాలి. బియ్యం తెల్లగా ఉన్నాయి కాబట్టి లెక్క సరిపోయిందని ఎవరూ అనరు. అయితే కంప్యూటర్లో ఉన్న జాబితాను శుభ్రం చేసేటప్పుడు మనం చేసేది అచ్చంగా అదే. శుభ్రమైన జాబితా చూసుకుని మురిసిపోతాం. తవుడు ఎటు పోయిందో అడగం. జాబితా శుభ్రం చేశాక అందులోంచి అవసరమైనది ఏదీ పోలేదని ఎలా రుజువు చేయాలి? ఇవాళ మాట్లాడబోయేది ఆ ఒక్క ప్రశ్న గురించే.

జాబితా అంటే ఏదైనా కావచ్చు. సొసైటీ సభ్యుల పట్టీ, పాత విద్యార్థుల వివరాలు, దేవాలయ నగల చిట్టా. నేను ఒక్క ఉదాహరణే తీసుకుంటాను. ఒక చిన్న శాఖా గ్రంథాలయం అనుకుందాం. చాలా గ్రంథాలయాల్లో అక్సెషన్ రిజిస్టరు అని ఒక పెద్ద పుస్తకం ఉంటుంది. కొత్త పుస్తకం వచ్చినప్పుడు దానికొక అక్సెషన్ నంబరు వేసి, ఆ రిజిస్టర్లో ఎక్కిస్తారు. ఆ నంబరు పుస్తకం లోపలి పేజీలో కూడా పడుతుంది. ఒక నంబరు, ఒక పుస్తకం. అదే పుస్తకం రెండు ప్రతులు కొంటే రెండు నంబర్లు. మనం అనుకుంటున్న గ్రంథాలయంలో ఈ నంబర్లు 1 నుంచి 4,200 దాకా ఉన్నాయి. వాటిని ఇద్దరు ముగ్గురు కలిసి, పంచుకుని, ఎక్సెల్ షీట్లో టైపు చేశారు. పంచుకున్నచోట కొన్ని పేజీలు ఇద్దరూ కొట్టారు. పేజీ చివర వేసే మొత్తం ధర వరుసను కూడా ఒకరు పుస్తకంలాగే కొట్టేశారు. ఇంకొకరు ఒకే పేరున్న రెండు పుస్తకాలను ఒకే వరుసలో 812-813 అని కుదించారు. ఇలాంటి షీటును ఇప్పుడు బాగు చేయాలి.

బాగు చేయడానికి ముందు ఒక పని ఉంది. లెక్కపెట్టాలి. ముందు లెక్క, తర్వాతే చీపురు. పాత కాపీ లేకపోతే, ఒకసారి ఊడ్చాక ఆ మొదటి లెక్క మళ్లీ దొరకదు. అక్సెషన్ నంబరు ఉన్న కాలమ్‌ను ఎంచుకుంటే ఎక్సెల్ తెర అడుగున ఎన్ని గడులు నిండి ఉన్నాయో దానంతట అదే చూపిస్తుంది. అందులో పైనున్న శీర్షిక గడి కూడా కలుస్తుంది, ఒకటి తగ్గించుకోవాలి. సూత్రం రాయడం అలవాటున్నవాళ్లకు COUNTA అనే సూత్రం ఉంది. నిండిన గడులన్నిటినీ లెక్కపెడుతుంది. దానికో తమ్ముడున్నాడు, COUNT. వాడు అంకెలున్న గడులను మాత్రమే లెక్కపెడతాడు. మన ఉదాహరణలో అన్న 4,263 అన్నాడు. తమ్ముడు 4,240 అన్నాడు. తేడా 23. అంటే నంబరు ఉండాల్సిన చోట నంబరు కానిదేదో 23 వరుసల్లో ఉంది. వెతికి చూస్తే అందులో 20 పేజీ మొత్తాలు, మిగతా 3 ఆ 812-813 లాంటి జంట వరుసలు. చూశారా, ఇంకా ఏదీ తీయలేదు, ఏదీ దిద్దలేదు. రెండు రకాలుగా లెక్కపెట్టినందుకే షీటు తన జబ్బేమిటో చెప్పింది. అప్పుడే ఇంకో సంగతి కూడా చూసుకోవచ్చు. రెండోసారి వచ్చిన నంబర్లు ఎన్ని? ఎక్కించిందే మళ్లీ ఎక్కించిన వరుసలు మన షీట్లో 58 తేలాయి. ఈ 58 గుర్తుపెట్టుకోండి. దీనితో కాసేపట్లో పని పడుతుంది.

ఇప్పుడు శుభ్రం చేస్తున్నాం. పేజీ మొత్తాలు 20 తీసేశాం. జంట వరుసలు మూడింటిని విడదీస్తే ఆరయ్యాయి, అంటే మూడు పెరిగాయి. 4,263లో 20 పోయి, 3 కలిస్తే 4,246. తర్వాత రెండుసార్లు పడినవాటిని తీయాలి. ఎక్సెల్లో దీనికి Remove Duplicates అని ఒక మీట ఉంది. నొక్కితే ఏయే కాలమ్‌లు చూసి నకళ్లను పట్టాలో అడుగుతుంది. పుస్తకం పేరు, రచయిత పేరు చూడమన్నాం. అది క్షణంలో పని ముగించి, 99 నకళ్లు తీసేశాను, 4,147 మిగిలాయి అని చెప్పింది. లెక్క వేసి చూడండి. 4,246లో 99 పోతే 4,147. సరిగ్గా సరిపోయింది. మొదటి లెక్కలోంచి తీసినవి పోగా, కలిపినవి కలపగా, చివరి లెక్క వచ్చింది. కాగితం మీద ఒక్క అంకె కూడా తప్పు లేదు. చాలామంది ఇక్కడ షీటు మూసేసి, పని అయిపోయిందంటారు.

అవలేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న 58 ఏమైంది? రెండుసార్లు ఎక్కినవి 58 అయితే యంత్రం 99 ఎందుకు తీసింది? మిగతా 41 ఎవరివి? చిక్కంతా ఈ 41లోనే ఉంది. Remove Duplicates ఎన్ని తీసిందో చెబుతుంది. వేటిని తీసిందో చెప్పదు. మరోసారి చెబుతాను. ఎన్ని తీసిందో చెబుతుంది, వేటిని తీసిందో చెప్పదు. కాబట్టి జంట వరుసలు విడదీసిన పాత షీటు పక్కన పెట్టుకుని, అందులోని ప్రతి అక్సెషన్ నంబరూ కొత్త షీట్లో ఎన్నిసార్లు ఉందో అడగాలి. COUNTIF అనే సూత్రం ఆ పని చేస్తుంది. ఒకటి అని వస్తే పుస్తకం క్షేమం. సున్నా అని వస్తే పుస్తకం పోయింది. అలా అడిగితే 41 పుస్తకాల నంబర్లకు సున్నా వచ్చింది. అందులో 34 మామూలు రెండో ప్రతులు. పాఠకులు ఎక్కువగా అడుగుతారని రెండేసి కొన్నవి. పేరు ఒకటే, రచయిత ఒకరే, నంబరు మాత్రం వేరు. యంత్రానికి నంబరు చూడమని మనం చెప్పలేదు. ఇంకో ఆరేమో, ఏడు సంపుటాలుగా వచ్చిన ఒక గ్రంథంలో రెండు నుంచి ఏడు దాకా ఉన్న సంపుటాలు. సంపుటం సంఖ్యను టైపు చేసినవారు పేరు పక్కన కాకుండా రిమార్కుల కాలమ్‌లో వేశారు. దాంతో ఏడు వరుసలూ ఒకేలా కనిపించి, మొదటి సంపుటం మాత్రం మిగిలి, తక్కినవి మాయమయ్యాయి.

ఇక నలభై ఒకటోది. అది కన్యాశుల్కం. గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1897లో అచ్చయింది. 1909లో ఆయనే దాన్ని బాగా పెంచి, తిరగరాసి రెండో కూర్పుగా వేశారు. ఇవాళ మనం చదువుకునేది, నాటకంగా చూసేది ఆ రెండో కూర్పే. మొదటి కూర్పు వేరే పుస్తకమన్నంత తేడాగా ఉంటుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివేవాళ్లకు రెండూ కావాలి. గ్రంథాలయంలో రెండు కూర్పులూ ఉన్నాయి, రెండు నంబర్లూ ఉన్నాయి. కానీ పేరు కన్యాశుల్కం, రచయిత గురజాడ. యంత్రం కళ్లకు అవి కవలలు కూడా కావు, ఒకే మనిషి. అందులో మొదటి కూర్పును తీసేసింది. పుస్తకం అల్మరాలోనే ఉంది. జాబితాలో లేదు. రేపు ఎవరైనా వచ్చి మొదటి కూర్పు ఉందా అంటే, గ్రంథాలయంలో ఉన్నవారు కంప్యూటర్లో చూసి లేదంటారు. వాళ్లు కావాలని అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల తప్పూ లేదు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న మాట మీ ముందుకు వస్తోంది. ముందు లెక్క, తర్వాత లెక్క సరిపోయాయన్నది అవసరమే, కానీ చాలదు. మన ఉదాహరణలో లెక్క సరిపోయినా 41 పుస్తకాలు పోయాయి. ఎందుకు సరిపోయింది? తీసినవెన్ని అన్న అంకెను, తీసిన యంత్రం నోటి నుంచే తీసుకున్నాం కాబట్టి. మిల్లులో తవుడు తూచకుండా, మిల్లు ఆయన చెప్పిన అంకె రాసుకున్నట్టు. తీసినవాటి లెక్క వేరే దారిన రావాలి. అందుకే శుభ్రం చేసేటప్పుడు ఏ వరుసనూ చెరిపేయకూడదు. తొలగించినవి అని ఇంకో షీటు పెట్టి, అక్కడికి మార్చాలి. మార్చిన ప్రతి వరుస పక్కనా ఒక కారణం రాయాలి. పేజీ మొత్తం. రెండోసారి ఎక్కింది. అంతే, రెండు మూడు మాటలు. అలా రాస్తూ పోతే 41 పుస్తకాల దగ్గర కలం దానంతట అదే ఆగుతుంది. రెండో సంపుటం పక్కన ఏ కారణం రాస్తారు? రాయడానికి కారణం దొరకని వరుసను తీయకూడదు. ఆ 41 తిరిగి చేర్చాక మన జాబితా 4,188 అయింది. మొదటి లెక్క 4,263, కలిపినవి 3. మొత్తం 4,266. అటువైపు, ఉన్నవి 4,188, తొలగించిన షీట్లో కారణంతో సహా ఉన్నవి 78. కలిపితే 4,266. ఈసారి ఈ తూకాన్ని నమ్మవచ్చు, ఎందుకంటే ఆ 78 మన కళ్లముందు ఉన్నాయి.

లెక్కను నమ్మి మోసపోవడం మాట అటుంచి, లెక్కే వేయకపోతే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2020లో, కోవిడ్ రోజుల్లో, ఇంగ్లండులో జరిగింది. ప్రయోగశాలల నుంచి వచ్చిన పరీక్ష ఫలితాలను అక్కడి ప్రజారోగ్య సంస్థ ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించి ముందుకు పంపేది. వాడింది ఎక్సెల్ పాత రకం ఫైలు. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. గది నిండాక వచ్చినవాళ్లు బయటే ఉండిపోయినట్టు, మించిన వరుసలు ఫైల్లోకి రానేలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 దాకా 15,841 కేసులు ఆ రోజువారీ లెక్కల్లోకి రాలేదు. జబ్బు ఉన్నవాళ్లకు తమ ఫలితం అందింది. కానీ వాళ్లు ఎవరెవరిని కలిశారో వెతికే వ్యవస్థకు వాళ్ల పేర్లు సకాలంలో అందలేదు. ఇక్కడ గమనించాల్సింది ఫైలు పాతదన్నది కాదు. లోపలికి ఎన్ని వచ్చాయి, బయటికి ఎన్ని వెళ్లాయి అన్న రెండు అంకెలను ప్రతిరోజూ పక్కపక్కన పెట్టి ఉంటే ఆ తేడా మొదటి రోజే కనిపించేది. మనది గ్రంథాలయం, ప్రాణాల మీదికి రాదు, నిజమే. కానీ వరుస రాలిపోయే తీరు ఒకటే. చప్పుడు చేయదు.

సరే, మళ్లీ మన షీటు దగ్గరికి వద్దాం. ఎంట్రీల సంఖ్య సరిపోయాక కూడా ఇంత అనుమానం దేనికి, లెక్క లెక్కే కదా అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. దానికి జవాబు చాలా చిన్నది. ఒకటి పోయి, మరొకటి రెండుసార్లు పడితే సంఖ్య మారదు. ఉదాహరణకు 312వ నంబరు పుస్తకం పొరపాటున పోయిందనుకోండి. 1,045వ నంబరు పొరపాటున రెండుసార్లు అతికిందనుకోండి. సంఖ్య ముందెంతో తర్వాతా అంతే. ఒక పొరపాటు ఇంకో పొరపాటును కప్పేసింది. దీన్ని పట్టుకోవడానికి ఆడిటర్లు కంప్యూటర్ల తొలి రోజుల నుంచీ ఒక చిట్కా వాడుతున్నారు. దాని పేరు హాష్ టోటల్. పేరు చూసి బెదరకండి. అక్సెషన్ నంబర్లన్నిటినీ కూడేయడమే. ఆ మొత్తానికి అర్థం ఏమీ ఉండదు. పుస్తకాల నంబర్లు కూడితే ఏమొస్తుంది? ఏమీ రాదు, నిజానికి వినడానికే పిచ్చిపనిలా ఉంటుంది. కానీ 312 పోయి 1,045 రెండుసార్లు వస్తే, ఆ మొత్తం 733 పెరుగుతుంది. సంఖ్య దాచిన తప్పును మొత్తం బయటపెడుతుంది. నంబర్ల కాలమ్ ఎంచుకుంటే తెర అడుగున సంఖ్య పక్కనే ఈ మొత్తం కూడా కనిపిస్తుంది. సంఖ్య రాసుకున్న చేత్తోనే దీన్నీ రాసుకోవచ్చు. తీసినవాటి మొత్తం, ఉన్నవాటి మొత్తం కలిపితే మొదటి మొత్తం రావాలి. జంట వరుసల్లాంటివి అంకెలు కావు, మొదటి మొత్తంలో కలవవు. కాబట్టి వాటిని విడదీశాక, ఇంకా ఏదీ తీయకముందు ఈ మొత్తం తీసుకోవాలి.

ఇక్కడికి మనకు రెండు కాపలాలు వచ్చాయి. ఒకటి సంఖ్య. రెండోది నంబర్ల మొత్తం. ఈ రెండూ వరుసలను కాపాడతాయి. వరుస లోపల ఏముందో వీటికి తెలియదు. అందుకే మూడోది కావాలి. రచయిత పేర్లను అకారాది క్రమంలో పెడదామని ఆ ఒక్క కాలమ్‌ను ఎంచుకుని సార్ట్ చేశారనుకోండి. పక్క కాలమ్‌లను కూడా కలుపుకోవాలా అని ఎక్సెల్ అడుగుతుంది. తొందరలో వద్దని నొక్కేశారు. అంతే. రచయితలు కదిలారు, పుస్తకాలు కదల్లేదు. చివరకు మిగిలేది ఒకచోట ఉంది, బుచ్చిబాబు ఇంకెక్కడో ఏ వంటల పుస్తకం పక్కనో ఉన్నారు. సంఖ్య సరే, నంబర్ల మొత్తం సరే, జాబితా మాత్రం నాశనం. ఇంకొకటి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ. షీటును మామూలు సీఎస్‌వీ రకంలో దాచుకుంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలు అయిపోతాయి. యూటీఎఫ్-8 అని రాసి ఉన్న సీఎస్‌వీని ఎంచుకోవాలి. లేకపోతే వరుసలు నాలుగు వేలూ ఉంటాయి, ప్రతి గడీ నిండుగానే ఉంటుంది, చదవడానికి ఒక్క పేరూ ఉండదు.

ఇలాంటివి పట్టుకోవడానికి లెక్క పనికిరాదు, కళ్లే కావాలి. మొదటి వరుస, చివరి వరుస, మధ్యలో నాలుగు వందలకు ఒకటి చొప్పున, మొత్తం పది పన్నెండు వరుసలు తీయండి. ఆ నంబర్లను పాత షీట్లో కాదు, రిజిస్టర్లో చూడండి. వీలైతే అల్మరాలోంచి పుస్తకమే తీసి చూడండి. నంబరు, పేరు, రచయిత, మూడూ కలవాలి. అయితే ఈ పది వరుసల పరీక్షకు ఒక హద్దు ఉంది, అది దాచడం మంచిది కాదు. సార్ట్ తప్పు, అక్షరాలు చెడిపోవడం లాంటివి షీటంతా పాకుతాయి, కాబట్టి మొదటి రెండు వరుసల్లోనే దొరికిపోతాయి. కానీ వందలో ఒక వరుసకు మాత్రమే తప్పు ఉందనుకోండి. పది వరుసలు చూస్తే ఆ తప్పు మీ కంటబడకుండా తప్పించుకునే అవకాశం నూటికి తొంభై పాళ్లు. కాబట్టి పది వరుసలూ బాగున్నాయంటే షీటంతా బాగున్నట్టు కాదు. షీటంతా పాడవలేదని మాత్రమే అర్థం. కొంచెంగా జారిపోయినవాటికి ఇంకో ఉపాయం ఉంది. ఒక్కో కాలమ్‌లో నిండిన గడులెన్నో ముందూ వెనకా చూడటం. రచయిత కాలమ్‌లో ముందు కంటే తర్వాత ఖాళీలు పెరిగితే, కారణంతో తీసిన వరుసలు కాకుండా ఇంకేదో కారిపోయిందన్నమాట.

ఒక అభ్యంతరం తరచుగా వినిపిస్తుంది. పాత షీటు కాపీ దాచిపెట్టాం కదా, ఏదైనా పోతే అందులోంచి తెచ్చుకుంటాం, ఇంత తతంగం ఎందుకు అని. కాపీ ఉండి తీరాలి, దానితో పేచీ లేదు. అసలు కాపీ లేకుండా పని మొదలుపెట్టేవారికి ఈ ప్రసంగం ఏ విధంగానూ ఉపయోగపడదు. కానీ కాపీలోంచి తెచ్చుకోవాలంటే ముందు పోయిందని తెలియాలి కదా. కన్యాశుల్కం మొదటి కూర్పు పోయిందని ఎవరికి తెలుసు? ఎవరో అడిగే దాకా తెలియదు. అడిగినవాళ్లు కూడా లేదన్న మాట నమ్మి వెళ్లిపోతారు. ఈలోగా కొత్త షీట్లో ఆర్నెల్లు పని జరుగుతుంది, కొత్త పుస్తకాలు ఎక్కుతాయి, ధరలు దిద్దుతారు. అప్పుడు పాత కాపీని తెస్తే ఆర్నెల్ల పని పోతుంది. కాపీ మందు లాంటిది. జబ్బు ఉందని చెప్పేది మాత్రం లెక్క.

ఇంకొందరు, చిన్న జాబితాకు ఇదంతా అవసరమా అంటారు. ఇందులో కొంత న్యాయం ఉంది. ముప్పై నలభై వరుసల జాబితా అయితే నిజంగానే అక్కర్లేదు. పాతదీ కొత్తదీ ప్రింటు తీసి, ఒకరు చదువుతుంటే ఇంకొకరు టిక్కు పెడితే సరిపోతుంది. అది అన్నిటికంటే గట్టి ఆడిట్ కూడా. కళ్లు తిరిగి, వరుస తప్పే దాకా జాబితా పెరిగినప్పుడే సూత్రాలు, మొత్తాలు కావాలి.

లెక్కలన్నీ సరిపోయాక కూడా తేలనిది ఒకటి మిగిలిపోతుంది. ముందు, తర్వాత అని పోల్చేటప్పుడు ముందు అన్నది సరైనదని మనం అనుకుంటున్నాం. ఆ షీటే అసంపూర్ణమైతే? మన రిజిస్టర్లో నంబర్లు 4,200. శుభ్రమైన షీట్లో 4,188. పన్నెండు తక్కువ. ఇవి శుభ్రం చేయడంలో పోయినవి కావు, పాత షీట్లోనూ లేవు. రిజిస్టరు తెరిచి ఆ పన్నెండు నంబర్లు చూస్తే, తొమ్మిది ఎర్ర సిరాతో కొట్టేసినవి. చిరిగిపోయో, పాఠకుల దగ్గర పోయో, పై అధికారుల అనుమతితో రద్దయినవి. మిగతా మూడు పుస్తకాలు మాత్రం ఉన్నాయి, ఎవరూ టైపు చేయలేదు. షీటును షీటుతో పోల్చినంతకాలం ఈ మూడూ ఎప్పటికీ దొరకవు. కాబట్టి మీ రుజువు ఎంతవరకో స్పష్టంగా రాసుకోండి. శుభ్రం చేయడంలో ఏదీ పోలేదు అన్నది ఒక మాట. రిజిస్టర్లో ఉన్నవన్నీ వచ్చాయి అన్నది ఇంకో మాట. మొదటిది రుజువైతే రెండోది రుజువైనట్టు కాదు.

ఇప్పుడు కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. ఆడిట్ చీటీ చెబుతాను. ఒక పేజీ చాలు. నిదానంగా చెబుతాను.

పైన షీటు పేరు, తేదీ, చేసినవారి పేరు. దాని కింద, పని మొదలుపెట్టకముందు, కాపీ ఎక్కడ దాచారో రాయండి. తర్వాత ముందు లెక్క. నిండిన గడులెన్ని, అంకెలున్న గడులెన్ని, రెండోసారి వచ్చిన నంబర్లెన్ని. ఫిల్టరు ఏదైనా వేసి ఉంటే తీసేసి లెక్కపెట్టండి, లేకపోతే తెర అడుగున కనిపించే అంకెలో దాగిన వరుసలు కలవవు. జంట వరుసలు విడదీశాక, నంబర్లు కూడిన మొత్తం రాయండి. ఇంతవరకూ చీపురు ముట్టుకోలేదు.

శుభ్రం చేశాక తర్వాత లెక్క. ఉన్నవెన్ని, తొలగించిన షీట్లో ఎన్ని, కొత్తగా విడదీసి కలిపినవెన్ని. మొదటివి, కలిపినవి ఒకవైపు. ఉన్నవి, తీసినవి మరోవైపు. రెండువైపులా ఒకటే అంకె రావాలి. నంబర్ల మొత్తం కూడా అలాగే కలవాలి. తొలగించిన షీట్లో కారణం గడి ఖాళీగా ఉన్న వరుస ఒక్కటీ ఉండకూడదు.

ఆ తర్వాత నంబరుకు నంబరు. పాత షీట్లోని ప్రతి నంబరూ కొత్త షీట్లో ఒక్కసారే ఉండాలి. సున్నా వస్తే పోయింది, రెండు వస్తే నకలు మిగిలిపోయింది. తిరగేసి కూడా అడగండి. కొత్త షీట్లో ఉండి పాతదాంట్లో లేని నంబరు ఉంటే, ఎక్కడో విడదీయడం వల్ల వచ్చి ఉండాలి, లేదా టైపు తప్పు. ఒకే నంబరు రెండు వేర్వేరు పుస్తకాలకు కనిపిస్తే ఏదీ తీయకండి. అది నకలు కాదు, రెండిట్లో ఒకదానికి నంబరు తప్పు పడింది. రిజిస్టరు చూసి దిద్దాలి.

చివరిగా, ఒక్కో కాలమ్‌లో నిండిన గడులు ముందెన్ని, తర్వాతెన్ని. ఆపైన పది పన్నెండు వరుసలు రిజిస్టరుతో సరిచూడటం. ఏ నంబర్లు చూశారో చీటీ మీద రాయండి. చూశాం అని మాత్రం రాస్తే, తర్వాత వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ పరీక్షించలేరు.

ఇంకొక్క సంగతి. వీలుంటే శుభ్రం చేసినవారు ఒకరు, చీటీ నింపినవారు ఇంకొకరు అయితే బాగుంటుంది. మనం తీసిన వరుసను ఎందుకు తీశామో మనకు ఎప్పుడూ సమంజసంగానే అనిపిస్తుంది. రెండో మనిషికి ఆ కారణం చదివితే అర్థం కావాలి. అర్థం కాకపోతే ఆ వరుస వెనక్కి వెళ్లాలి. ఒక్కరే ఉన్నచోట, చీటీని మర్నాడు ఉదయం మరోసారి చూసి సంతకం చేయండి.

మీ గ్రంథాలయంలోనో, సొసైటీలోనో, ఊరి సంఘంలోనో ఇలాంటి షీటు బాగుచేసే పని ఇప్పటికే మొదలై ఉంటే, ఇవాళ సాయంత్రం పాత కాపీ తెరవండి. మొదటి లెక్క రాసుకోండి. తొలగించిన వరుసలు ఎక్కడైనా మిగిలి ఉన్నాయేమో వెతికి, వేరే షీట్లో దాచండి. పాత కాపీ ఇంకా ఉన్నంతవరకు పోయిన పుస్తకాన్ని వెనక్కి తేవచ్చు.